టైటిల్, తంబ్‌నెయిల్ తప్పుదోవ పట్టిస్తున్నాయని యూట్యూబ్ వార్నింగ్ ఇస్తే, అప్పీల్ లెటర్ ఎలా రాయాలి?

"మీ వీడియో మా స్పామ్, మోసపూరిత పద్ధతుల పాలసీకి విరుద్ధంగా ఉంది, అందుకే తీసేశాం, ఇది వార్నింగ్" అని యూట్యూబ్ నుంచి మెయిల్ వస్తే చాలామంది చేసే మొదటి పని, వెంటనే అప్పీల్ బటన్ నొక్కి, ఆ కోపంలోనే నాలుగు లైన్లు కొట్టి పంపేయడం. "నేను ఏ తప్పూ చేయలేదు, మూడేళ్లుగా కష్టపడుతున్నాను, దయచేసి నా వీడియో తిరిగి ఇవ్వండి" అని. ఒక వార్నింగ్ మీద అప్పీల్ ఒక్కసారే చేసుకోగలం. ఆ ఒక్క అవకాశం ఇలా పోతుంది, ఎందుకంటే ఆ నాలుగు లైన్లలో అప్పీల్ చూసేవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా లేదు.

మెటాడేటా కేసులో అవతలివాళ్లు తేల్చుకోవాల్సింది చిన్న విషయమే. టైటిల్, తంబ్‌నెయిల్, డిస్క్రిప్షన్ చూసి లోపలికి వచ్చినవాడికి వీడియోలో ఆ సంగతి దొరికిందా లేదా? మీ లెటర్ మొత్తం ఈ ప్రశ్నకే జవాబు చెప్పాలి, అదీ నిమిషాలు, సెకన్లతో సహా. కింద రాసినదంతా ఆ లెటర్ దాకా వెళ్లే దారి.

ముందు మెయిల్ నిజమైనదో కాదో చూసుకోండి

యూట్యూబ్ పేరుతో దొంగ మెయిళ్లు బాగా తిరుగుతున్నాయి. "24 గంటల్లో చానల్ పోతుంది, ఈ ఫైల్ తెరిచి చూడండి" అంటూ వస్తాయి, తెరిచారంటే అకౌంటే పోతుంది. అందుకని మెయిల్‌లోని లింకు జోలికి పోకుండా, బ్రౌజర్‌లో మీరే `studio.youtube.com` టైప్ చేసి లోపలికి వెళ్లండి. వార్నింగ్ నిజమైతే డ్యాష్‌బోర్డులో `Channel violations` అనే కార్డు కనిపిస్తుంది, `Content` పేజీలో ఆ వీడియో పక్కన `Restrictions` కింద కూడా రాసి ఉంటుంది. అక్కడేమీ లేకపోతే మెయిల్ దొంగది, డిలీట్ చేసి మీ పని మీరు చూసుకోండి.

నిజమైనదే అయితే ఏ పాలసీ పేరు రాశారో అక్షరం పొల్లుపోకుండా నోట్ చేసుకోండి. ఏ మాట తప్పో, ఏ బొమ్మ తప్పో మెయిల్‌లో విడమరిచి చెప్పడం అరుదు. అది మీరే కనుక్కోవాలి.

వీడియో డిలీట్ చేయొద్దు

భయపడి వీడియో డిలీట్ చేస్తే గొడవ పోతుందని అనుకునేవాళ్లు బోలెడుమంది. పోదు సరికదా, వార్నింగ్ అలాగే ఉంటుంది, అప్పీల్ చేసుకునే దారి మూసుకుపోతుంది.

డిలీట్ చేసే బదులు ఇంకో పని చేయండి. స్టూడియోలో ఆ వీడియో టైటిల్, పూర్తి డిస్క్రిప్షన్, ట్యాగులు కాపీ చేసి ఒక ఫైల్లో పెట్టుకోండి, తంబ్‌నెయిల్ ఒరిజినల్ వెతికి పక్కన పెట్టుకోండి, మెయిల్‌కి స్క్రీన్‌షాట్ తీయండి. ఎడిట్ చేసిన వీడియో ఫైల్ మీ హార్డ్ డిస్కులో ఉంటే సగం పని అయినట్టే, ఎందుకంటే తర్వాత టైమ్‌స్టాంపులన్నీ అందులోంచే తీయాలి. అలాగే అప్పీల్ తేలేదాకా అదే వీడియోని వేరే టైటిల్‌తో మళ్లీ అప్‌లోడ్ చేయొద్దు. తీసేసిన వీడియో మళ్లీ పెడితే అదే పాలసీ కింద రెండో దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

అసలు ఏది పట్టుకున్నారో ఊహించడం

ఇక్కడ తొందరపడకండి, కేసు నిలబడేదీ పడేదీ ఇక్కడే.

పాలసీ చెప్పేది ఏంటంటే, టైటిల్, తంబ్‌నెయిల్, డిస్క్రిప్షన్ వాడి, వీడియోలో లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించకూడదు. టైటిల్ కాస్త ఊరిస్తున్నట్టు ఉండటం వేరు, లేని వార్తను ఉందని చెప్పడం వేరు. 2024 డిసెంబరులో యూట్యూబ్ ప్రత్యేకంగా ఇండియా గురించే ఒక ప్రకటన చేసింది, మితిమీరిన క్లిక్‌బైట్ మీద, అందులోనూ బ్రేకింగ్ న్యూస్, వర్తమాన విషయాల మీద చర్యలు పెంచుతామని. వాళ్లు ఇచ్చిన ఉదాహరణ, "రాష్ట్రపతి రాజీనామా" అని టైటిల్ పెట్టి, వీడియోలో రాజీనామా ఊసే ఎత్తకపోవడం. మన దగ్గర ఇలాంటి తంబ్‌నెయిళ్లు రోజూ చూస్తూనే ఉంటాం కాబట్టి ఆశ్చర్యపోయేదేం లేదు. కాకపోతే గడ్డి కోసేటప్పుడు పక్కనున్న పైరు కూడా కొన్నిసార్లు తెగుతుంది.

రెండో సంగతి చాలామందికి తెలియదు. ట్యాగులకు స్టూడియోలో వేరే పెట్టె ఉంది, మొత్తం కలిపి 500 అక్షరాలు. డిస్క్రిప్షన్‌లో మాత్రం 5000 అక్షరాల చోటు ఉంది. ఆ చోటు చూసి మనవాళ్లు ట్యాగుల వరస మొత్తం డిస్క్రిప్షన్ అడుగున అతికిస్తారు, పైగా ఒక టెంప్లేట్ చేసుకుని ప్రతి వీడియోకీ అదే దించుతారు. డిస్క్రిప్షన్‌లో ఇలా ట్యాగులు కుక్కడం కూడా ఈ పాలసీ కిందకే వస్తుంది. టైటిల్ నిఖార్సుగా ఉన్నా వార్నింగ్ వచ్చిందంటే నేనైతే మొదట చూసేది డిస్క్రిప్షన్ చివరి పది లైన్లే.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం, ఊహించి చెప్తున్నదే. ఖమ్మం వైపు ఒక మిర్చి రైతు చానల్. వీడియో నిడివి 11:40. టైటిల్ "మిర్చి పూతలో నల్ల తామర పురుగు: నీలి జిగురు అట్టలు పనిచేశాయా?" తంబ్‌నెయిల్ మీద పూత లోపల నల్ల పురుగుల ఫోటో, పైన పెద్ద అక్షరాలతో "పూతంతా పోయింది!" డిస్క్రిప్షన్‌లో రెండు పేరాలు వీడియో గురించి, చివర్లో ఒక వరస: తేజ మిర్చి, 341 మిర్చి, బ్యాడిగి మిర్చి, తామర పురుగు మందు, నీలి జిగురు అట్టలు, గుంటూరు మిర్చి ధర. వార్నింగ్ వచ్చింది, వీడియో పోయింది.

బయటివాడి కళ్లతో చూస్తే అనుమానం వచ్చే చోట్లు మూడు. "పూతంతా పోయింది" అనేది భయపెట్టి క్లిక్ చేయించే మాటలా ఉంది. టైటిల్లో ప్రశ్న ఉంది, జవాబు వీడియోలో ఉందో లేదో తెలియదు. చివరి వరస ట్యాగులు కుక్కినట్టే కనిపిస్తుంది.

మాట ఇచ్చిందేంటి, వీడియోలో ఎక్కడుంది

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు టైటిల్లో, తంబ్‌నెయిల్లో, డిస్క్రిప్షన్‌లో చూసేవాడికి మీరు ఇచ్చిన ప్రతి మాటా రాయండి. కుడి వైపు అది వీడియోలో ఎక్కడ కనిపిస్తుందో నిమిషం, సెకను రాయండి. జ్ఞాపకం మీద రాయకండి, ఫైల్ నడిపించి చూసే రాయండి. మీరు ఎడిట్ చేసేటప్పుడు తీసేసిన ముక్క ఇంకా ఉందనే అనుకుంటూ ఉండొచ్చు.

మన రైతు చానల్ లెక్క ఇలా వచ్చిందనుకోండి. 01:05 దగ్గర ఒక పువ్వు తెంపి తెల్లకాగితం మీద తట్టి చూపించాడు, నల్ల పురుగులు రాలి పాకుతున్నాయి, కెమెరా బాగా దగ్గరికి వెళ్లింది. మామూలు తామర పురుగు ఆకుని పైకి ముడిచేస్తే, ఈ నల్లది పూతలో గుంపుగా చేరుతుందని అక్కడే చెప్పాడు. 03:20లో నీలి అట్టలు కట్టడం. 05:30లో పూత రాలిన రెండు సాళ్లు. 07:45లో పది రోజుల తర్వాత అదే అట్ట దగ్గరగా. 09:10లో జవాబు: పురుగు ఎంతుందో తెలుసుకోవడానికి, కొంత తగ్గించడానికి అట్టలు పనికొచ్చాయి, అవి ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే పంట దక్కదు. తంబ్‌నెయిల్లో వాడిన ఫోటో 01:12 దగ్గర ఫ్రేమే, నెట్‌లోంచి తెచ్చింది కాదు. ఇది చాలా గట్టి పాయింటు, రాసేటప్పుడు మర్చిపోకూడదు.

ఇక ట్యాగుల వరస. చేలో వేసింది తేజ అని 02:15లో ఉంది. 341 పక్క చేను, 06:20లో కనిపిస్తుంది. బ్యాడిగి గురించి 10:20లో ఒక్క వాక్యం ఉంది. మందుల గురించి 08:30 నుంచి మాట్లాడాడు. గుంటూరు మిర్చి ధర మాత్రం వీడియోలో ఎక్కడా లేదు, పాత వీడియో టెంప్లేట్ నుంచి వచ్చి పడింది.

ఈ ఒక్క ఖాళీ గడి గురించి ఏం చేయాలి? కొందరు దాని ఊసెత్తకుండా మిగతావి రాసి పంపమంటారు. నాకది తెలివైన పని అనిపించదు. అప్పీల్ చూసేవాడి ఎదురుగా డిస్క్రిప్షన్ ఉంటుంది, మీరు "అన్నీ వీడియోలో ఉన్నాయి" అని రాసి అందులో ఒకటి లేకపోతే మిగతా టైమ్‌స్టాంపుల మీద కూడా నమ్మకం పోతుంది. ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లడం మేలు. దానికీ ఒక హద్దు ఉంది. కుడి వైపు ఒకటీ అరా ఖాళీలు ఉంటే ఇలా చెప్పుకోవచ్చు. టైటిల్ ఇచ్చిన మాటకే ఎదురుగా ఖాళీ ఉంటే, లేదా వరసలో సగం పేర్లు వీడియోలో లేకపోతే, అప్పీల్ గెలవడం కష్టం. అప్పుడు లెటర్ మీద కుస్తీ పట్టకుండా ట్రైనింగ్ దారి చూసుకోండి, దాని సంగతి కింద చెప్తాను.

లెటర్

అప్పీల్ పెట్టెలో చోటు తక్కువ, అందుకే ముఖ్యమైనది మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. మానిటైజేషన్ ఉన్న చానళ్లకు క్రియేటర్ సపోర్ట్ చాట్ కూడా ఉంటుంది, అక్కడ పొడుగు లెటర్ పెట్టుకోవచ్చు. అప్పీల్ చూసేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు కాబట్టి టైటిల్‌కీ తంబ్‌నెయిల్ మీద మాటలకూ సూటిగా అర్థం ఇంగ్లీషులో ఇవ్వండి. నిజానికి తెలుగు కేసుల్లో ఇది అసలు కిటుకు. "పూతంతా పోయింది" అనే మాట మిర్చి రైతుకి ఎంత మామూలుదో మెషీన్ అనువాదంలో కనిపించకపోవచ్చు, ఏదో ఘోరం జరిగిందన్నట్టు కూడా వినిపించవచ్చు.

పూర్తి లెటర్ తెలుగులో ఇలా ఉంటుంది, మీ వివరాలు పెట్టి ఇంగ్లీషులోకి మార్చుకోండి:

> యూట్యూబ్ సపోర్ట్ టీమ్‌కి నమస్కారం.
>
> "మిర్చి పూతలో నల్ల తామర పురుగు: నీలి జిగురు అట్టలు పనిచేశాయా?" అనే నా వీడియో (లింకు) మీద తప్పుదోవ పట్టించే మెటాడేటా కింద ఇచ్చిన వార్నింగ్‌ని మళ్లీ పరిశీలించమని కోరుతున్నాను. టైటిల్లో, తంబ్‌నెయిల్లో చెప్పిన ప్రతి విషయం వీడియోలో ఉంది, టైటిల్లో అడిగిన ప్రశ్నకు 09:10 దగ్గర సూటిగా జవాబు ఉంది.
>
> నల్ల తామర పురుగు మిర్చి పూతను పాడుచేసే చిన్న పురుగు. 01:05లో పువ్వును తెల్లకాగితం మీద తట్టి దాన్ని దగ్గరగా చూపించాను. నీలి జిగురు అట్టలు 03:20లో కట్టాను, పది రోజుల తర్వాత వాటి పరిస్థితి 07:45లో ఉంది.
>
> తంబ్‌నెయిల్ ఫోటో ఇదే వీడియోలో 01:12 దగ్గర ఫ్రేమ్. దాని మీద "పూతంతా పోయింది" అనే మాట 05:30లో చూపించిన రెండు సాళ్ల గురించి. అక్కడ పూత రాలిపోయి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది.
>
> డిస్క్రిప్షన్ చివర ఉన్న తేజ (02:15), 341 (06:20), బ్యాడిగి (10:20) మిర్చి రకాల పేర్లు. బ్యాడిగి ప్రస్తావన ఒక్క వాక్యమే. "గుంటూరు మిర్చి ధర" అనే మాట పాత డిస్క్రిప్షన్ నుంచి వచ్చింది, ఈ వీడియోలో ధరల గురించి లేదు. ఆ వరసను నా మిగతా వీడియోల నుంచి తీసేశాను, దీన్ని తిరిగి ఇస్తే దీంట్లోంచి కూడా వెంటనే తీసేస్తాను.
>
> వీడియోలో ఏ భాగం టైటిల్‌కి గానీ తంబ్‌నెయిల్‌కి గానీ సరిపోవడం లేదనిపిస్తే అదేదో తెలియజేయండి.

పెట్టెలో ఇదంతా పట్టకపోతే మొదటి పేరా ఉంచండి, తంబ్‌నెయిల్ పేరాలో మొదటి రెండు వాక్యాలు ఉంచండి, ధర గురించిన వాక్యం ఉంచండి. మిగతావి పోయినా నష్టం లేదు. ఆ ధర వాక్యాన్ని కూడా చోటు లేదని తీసేయాలనిపిస్తుంది, తీయకండి.

ఒక జాగ్రత్త. "మిగతా వీడియోల నుంచి తీసేశాను" అని రాశారంటే నిజంగానే తీసేసి ఉండాలి, పంపే ముందే. స్టూడియోలో `Content` పేజీలో వీడియోలు టిక్ పెట్టుకుని `Edit` నొక్కితే డిస్క్రిప్షన్‌లు గుంపుగా మార్చవచ్చు, కానీ మొత్తం డిస్క్రిప్షన్‌ని ఒకే కొత్తదానితో మార్చేస్తే మిగతా సమాచారం కూడా ఎగిరిపోతుంది, చూసుకుని చేయండి. వరస కొంచెం కొంచెం తేడాగా ఉంటే ఒక్కొక్కటీ తెరిచి తీయడమే నయం.

రాయకూడనివి కూడా చెప్తాను. పక్క చానల్ వాడు ఇంతకంటే ఘోరంగా పెడుతున్నాడు, వాడికేం చేయలేదు అని రాయొద్దు, ఇక్కడ తేల్చేది మీ వీడియో గురించి. సబ్‌స్క్రైబర్లు ఎంతమందో, ఇంటికి ఆదాయం ఎలా వస్తుందో రాయొద్దు, అది అబద్ధమని కాదు, దాంతో టైటిల్ సరిపోయిందో లేదో తేలదు. కోర్టుకి వెళ్తానని బెదిరించొద్దు. ఇంకో తప్పు తెలియకుండానే జరుగుతుంది, అదేంటంటే "క్లిక్ కోసం అలా పెట్టాను, అందరూ పెడతారు కదా" అని నిజాయితీగా రాసేయడం. పాలసీ అడ్డుకునేది సరిగ్గా అదే కదా మరి.

పంపడం, ఎదురుచూడటం

`Channel violations` కార్డులోకి వెళ్లి `Appeal` నొక్కి పంపాలి. వార్నింగ్ వచ్చిన రోజు నుంచి 90 రోజుల్లోపు చేసుకోవచ్చు, కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగి లెటర్ సరిచూసుకుని పంపితే కొంప మునిగేదేం లేదు. పంపే ముందు మీ చానల్ చూడని మనిషికి ఒకరికి తంబ్‌నెయిల్, టైటిల్ చూపించి "ఇందులో ఏముంటుందనుకుంటున్నావు?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీ కాగితంలో ఎడమ వైపు లేకపోతే, మీరు గమనించని మాట ఒకటి మీ తంబ్‌నెయిల్ ఇస్తోందని అర్థం, దాన్ని కూడా లెటర్లో చేర్చండి.

జవాబు మెయిల్‌లో వస్తుంది. ఒప్పుకుంటే వీడియో తిరిగి వస్తుంది, వార్నింగ్ పోతుంది. వీడియో వచ్చిన వెంటనే డిస్క్రిప్షన్‌లో ఆ వరస తీసేయండి, మాట ఇచ్చారు కదా.

తోసిపుచ్చితే అదే అప్పీల్ మళ్లీ చేయడానికి లేదు. అప్పుడు మిగిలేది పాలసీ ట్రైనింగ్, 2023 ఆగస్టు నుంచి ఉంది. స్టూడియోలోనే చిన్న కోర్సు, కొన్ని ప్రశ్నలు, దాన్ని పూర్తి చేశాక 90 రోజుల పాటు అదే పాలసీని మళ్లీ ఉల్లంఘించకుండా ఉంటే వార్నింగ్ తొలగిపోతుంది. ఈ 90 రోజుల్లో అదే పాలసీ కింద ఇంకోటి తగిలితే మాత్రం స్ట్రైక్ పడుతుంది, వారం పాటు అప్‌లోడ్‌లు, లైవ్‌లు బంద్. ట్రైనింగ్ చేసినంత మాత్రాన తీసేసిన వీడియో తిరిగి రాదు, అది గుర్తుపెట్టుకోండి.

ఎక్స్‌లో `@TeamYouTube` అకౌంట్‌కి రాయొచ్చు, కానీ అక్కడ తీర్పు మారుతుందని ఆశ పెట్టుకోకండి, అప్పీల్ ఎక్కడో ఇరుక్కుపోయి జవాబే రాకపోతే కదిలించడానికి మాత్రం పనికొస్తుంది. అడిగేది ఒక్క ట్వీట్‌లో, చానల్ లింకు పెట్టి, మర్యాదగా.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి ప్లాట్‌ఫామ్‌లకు ఇక్కడ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ముందు ఆయనకి ఫిర్యాదు చేయాలి, ఆయన జవాబుతో సంతృప్తి లేకపోతే అది అందిన 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు, అంతా ఆన్‌లైన్లోనే, `gac.gov.in`లో. ఒక్క వార్నింగ్ కోసం అంతదూరం వెళ్లడం అతి అనిపిస్తుంది నాకు, స్ట్రైకులు పడి చానల్ మీదికే వస్తే మాత్రం వెళ్లండి. అప్పుడు కూడా వాళ్లకు పెట్టాల్సిన కాగితాలు ఇవే: మెయిల్ స్క్రీన్‌షాట్, అప్పటి టైటిల్, డిస్క్రిప్షన్, తంబ్‌నెయిల్, మీరు పంపిన లెటర్, ఆ రెండు వైపుల పట్టిక.